ఎన్ఆర్ఆర్ 112, రూల్ ఆఫ్ 40లో 44 అంటున్నారు. జీతం తగ్గించుకుని ఈసాప్స్ తీసుకోవచ్చా?

వేణు_మియాపూర్
అందరికీ నమస్కారం. బ్యాకెండ్‌లో తొమ్మిదేళ్ల అనుభవం ఉంది. హైదరాబాద్‌లోనే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీలకు వసూళ్ల సాఫ్ట్‌వేర్ అమ్ముతారు, ఏడాది సబ్‌స్క్రిప్షన్ మీద. ఇప్పుడున్న జీతం కంటే ఆరు లక్షలు తక్కువ, ఆ లోటుకు ఈసాప్స్, అంటే తర్వాత కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు, ఇస్తామంటున్నారు.

ఫౌండర్ గారు చివరి కాల్‌లో రెండు నంబర్లు చెప్పారు. నెట్ రెవెన్యూ రిటెన్షన్ 112 శాతం, రూల్ ఆఫ్ 40 లెక్క 44. "ఈ రెండూ బాగున్న కంపెనీకి ఢోకా ఉండదు" అన్నారు. మనిషి మంచివాడిలాగే కనిపించాడు. ఇంట్లో హోమ్ లోన్ ఉంది, ఆరు లక్షలంటే మాకు చిన్న మొత్తం కాదు. ఈ రెండు నంబర్లను ఎంతవరకు నమ్మొచ్చు?

నరేశ్_సేల్స్
బ్రదర్, 112 అంటే చాలా మంచి నంబర్. కొత్తగా ఒక్క కస్టమర్‌ని కూడా తేకపోయినా కంపెనీ ఏటా 12 శాతం పెరుగుతుందని అర్థం. పాత కస్టమర్లే ఎక్కువ కొంటున్నారంటే ప్రొడక్ట్ నచ్చినట్టే కదా. నేను పదేళ్లుగా ఇదే లైన్‌లో ఉన్నాను. 110 దాటిన కంపెనీలో సేల్స్ వాళ్లకు టెన్షన్ ఉండదు. కళ్లు మూసుకుని చేరిపో.

రమణమూర్తి_విశాఖ
బాబూ, రిటెన్షన్ 112 శాతం ఎలా అవుతుంది? నేను ముప్పై ఏళ్లు పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశాను. వందమంది ఉద్యోగుల్లో మహా అయితే వందమంది మిగులుతారు గానీ 112 మంది మిగలరు కదా. ఈ లెక్కలోనే ఏదో తేడా ఉంది. ముందు ఆ కంపెనీలో మనుషులు ఎన్నాళ్లు ఉంటున్నారో కనుక్కో.

పద్మజ_సిఏ
రమణమూర్తి గారూ, ఇక్కడ రిటెన్షన్ ఉద్యోగులది కాదండీ, పాత కస్టమర్ల దగ్గర నుంచి వచ్చే డబ్బుది. పోయినేడు ఇదే రోజున ఉన్న కస్టమర్లందరూ కలిసి ఏడాదికి 10 కోట్లు కడుతున్నారనుకోండి. అదే మనుషులు ఈ రోజు ఎంత కడుతున్నారు? మానేసినవాళ్లది సున్నా, తగ్గించుకున్నవాళ్లది తగ్గినంత, పెంచుకున్నవాళ్లది పెరిగినంత. మొత్తం 11.2 కోట్లయితే అదే 112. ఈ మధ్యలో చేరిన కొత్తవాళ్లు లెక్కలోకి రారు. మనుషులను కాకుండా రూపాయలను లెక్కబెడతారు కాబట్టే వంద దాటుతుంది.

నరేశ్ గారు చెప్పినదాంట్లో సగం నిజం. 112 అన్న ఫలితం సరైనదే అయినా, అది ఎలా వచ్చిందన్నది అందులో కనిపించదు. వందమందీ తలా 12 శాతం పెంచుకున్నా 112 వస్తుంది. ఇరవైమంది వెళ్లిపోయి, ఒక్కరు మాత్రం విపరీతంగా పెంచుకున్నా అదే 112 వస్తుంది. ఈ రెండు కంపెనీలకూ వచ్చే ఏడాది ఒకేలా ఉండదు.

వేణూ, వాళ్లను ఒక్క షీట్ అడగండి. పేర్లు అక్కర్లేదు. వరుసకు ఒక కస్టమర్, పోయిన ఏప్రిల్‌లో వార్షిక మొత్తం బి కాలమ్‌లో, ఈ ఏప్రిల్‌లో మొత్తం సి కాలమ్‌లో. మానేసినవాళ్ల వరుస తీసేయకూడదు, సి కాలమ్‌లో 0 ఉండాలి. వందమంది కస్టమర్లయితే:

```
=SUM(C2:C101)/SUM(B2:B101)
```

ఇది ఎన్ఆర్ఆర్. పెంచుకున్నవాళ్ల పెరుగుదలను పక్కనపెట్టి, కారిపోయింది ఎంతో చూడాలంటే:

```
=SUMPRODUCT((C2:C101<B2:B101)*C2:C101+(C2:C101>=B2:B101)*B2:B101)/SUM(B2:B101)
```

ఇది గ్రాస్ రిటెన్షన్. ఇది ఎప్పటికీ వంద దాటదు, రమణమూర్తి గారు అడిగిన లెక్క ఇదే అనుకోవచ్చు. ఈ రెండింటి మధ్య దూరం ఎంతుందో చూస్తే సగం కథ తెలిసిపోతుంది.

శ్రీలత_డాలస్
పద్మజ గారు చెప్పిన "వరుస తీసేయకూడదు" అన్న మాట నా విషయంలో అక్షరాలా జరిగింది. నేను కస్టమర్ సక్సెస్‌లో పనిచేస్తాను. ఇంతకుముందు పనిచేసిన చోట ప్రతి క్వార్టర్‌కీ ఎన్ఆర్ఆర్ షీట్ నేనే తయారుచేసేదాన్ని. బిల్లింగ్ సిస్టమ్ నుంచి రిపోర్ట్ తీసేటప్పుడు "యాక్టివ్" అన్న ఫిల్టర్ డిఫాల్ట్‌గా ఉండేది. దాంతో మానేసిన కస్టమర్లు షీట్‌లోకే వచ్చేవాళ్లు కాదు. మిగిలినవాళ్లను పోయినేటి వాళ్ల మొత్తంతోనే పోల్చేవాళ్లం. నంబర్ అందంగా ఉండేది. దాదాపు ఏడాదిన్నర అదే నంబర్ బోర్డు ముందుకు వెళ్లింది.

ఎవరూ కావాలని చేసింది కాదు. ఒకరోజు ఒక పెద్ద కస్టమర్ మానేసినా ఎన్ఆర్ఆర్ తగ్గకపోగా పెరిగింది. వాళ్లు అంతకుముందే వాడకం తగ్గించుకున్నారు, లెక్కలోంచి పోవడంతో సగటు పైకెళ్లింది. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. దిద్దాక 121 కాస్తా 97 అయింది. ఆ మీటింగ్ ఇప్పటికీ మర్చిపోలేను. అందుకే వేణు గారూ, నంబర్ అడిగే ముందు దాన్ని లెక్కకట్టిన పద్ధతి అడగండి.

కిరణ్_యూఎస్_షేర్లు
లిస్టయిన కంపెనీల్లో ఈ నంబర్ ఎంత మారుతుందో చెప్తాను. స్నోఫ్లేక్ 2022 జనవరికి 178 చెప్పింది. రెండేళ్లకు, 2024 జనవరికి, అది 131. అక్కడ కస్టమర్లు వాడినంతకే కడతారు. పొదుపు మొదలుపెడితే వెంటనే బిల్లు తగ్గుతుంది.

మన పక్కనే చెన్నైలో పుట్టిన ఫ్రెష్‌వర్క్స్ వేరే రకం. ఎంతమంది సిబ్బంది వాడితే అన్ని సీట్లకు డబ్బు. నాస్‌డాక్‌కు వెళ్లేముందు, 2021 జూన్ నాటికి 118. 2024 డిసెంబర్‌కు 103. కస్టమర్ కంపెనీలు కొత్తగా మనుషులను తీసుకోకపోతే కొత్త సీట్లు ఉండవు, మానేయకపోయినా ఎన్ఆర్ఆర్ దిగుతుంది. కాబట్టి 112 మంచిదా కాదా అనేది, కస్టమర్ దేనికి డబ్బు కడుతున్నాడో తెలిశాకే చెప్పగలం.

వేణు_మియాపూర్
అందరికీ థాంక్స్. ఫౌండర్‌ని అడిగితే విసుక్కోలేదు, స్క్రీన్ షేర్ చేసి పేర్లు దాచి షీట్ చూపించారు. రాసుకున్నవి ఇవి. సంఖ్యలు కాస్త మార్చాను గానీ నిష్పత్తులు అవే.

పోయిన ఏప్రిల్‌లో వందమంది కస్టమర్లు, 10 కోట్లు. అందులో 22 మంది మానేశారు, వాళ్లతో పోయింది 1.4 కోట్లు. కొందరు తగ్గించుకున్నది 30 లక్షలు. పెంచుకున్నది 2.9 కోట్లు. మొత్తం 11.2 కోట్లు, అంటే 112 నిజమే. మానేసినవాళ్లను కూడా లెక్కలో ఉంచారు.

కానీ ఆ 2.9లో 2.1 కోట్లు ఒక్క కస్టమర్‌వే! అదో పెద్ద ఫైనాన్స్ కంపెనీ. 1.2 కోట్ల నుంచి 3.3 కోట్లకు వెళ్లింది. కొత్త కస్టమర్ల 2.6 కోట్లు కలిపితే ఇప్పుడు మొత్తం 13.8 కోట్లు.

పద్మజ_సిఏ
షీట్ చూపించారంటే అది మంచి గుర్తే. చాలామంది చూపించరు.

ఇప్పుడు ఆ ఒక్క కస్టమర్‌ను రెండు వైపులా తీసేసి చూడండి. మిగతా 99 మంది పోయినేడు 8.8 కోట్లు, ఇప్పుడు 7.9 కోట్లు. అంటే 90 శాతం. మొత్తం వందమంది మీద గ్రాస్ రిటెన్షన్ 83. అసలు ఈ కంపెనీ పాత కస్టమర్ల పునాది ఏటా పది శాతం కరిగిపోతోంది, ఒక్క కస్టమర్ దాన్ని కప్పేస్తున్నాడు. ఆ కస్టమర్ ఇప్పుడు మొత్తంలో దాదాపు పావు వంతు. ఆ ఒప్పందం ఎప్పుడు రెన్యూ అవుతుందో అడిగారా?

ఇంకోటి. ఆ 2.1 కోట్లలో ఏముంది? వసూళ్ల సాఫ్ట్‌వేర్ అంటే అప్పు తీసుకున్నవాళ్లకు ఎస్ఎంఎస్‌లు, ఆటోమేటిక్ కాల్స్ వెళ్తుంటాయి. వాటి ఖర్చు టెలికాం కంపెనీకి పోతుంది, వీళ్ల చేతిలో మిగిలేది కొంచెమే. ఆ బిల్లును కూడా సబ్‌స్క్రిప్షన్‌లో కలిపేస్తే ఎన్ఆర్ఆర్ ఉబ్బుతుంది. సెటప్ ఫీజులాంటి ఒక్కసారి వచ్చే డబ్బు కూడా ఇందులో ఉండకూడదు.

నరేశ్_సేల్స్
పద్మజ మేడమ్, గౌరవంతోనే అడుగుతున్నా. పెద్ద కస్టమర్‌ని తీసేసి లెక్కేస్తే ఎవరి నంబరైనా పడిపోతుంది కదా. ఆ కస్టమర్ పెంచుకోవడం కూడా ప్రొడక్ట్ గెలుపే. చిన్న కస్టమర్లు మానేస్తే పోయేదేముంది, 22 మంది కలిసి 1.4 కోట్లు. తలకు ఆరున్నర లక్షలు కూడా లేదు. నా అనుభవంలో చిన్నవాళ్లే ఎక్కువ సపోర్ట్ అడుగుతారు, తక్కువ కడతారు.

పద్మజ_సిఏ
ఆ మాట కొట్టిపారేయను నరేశ్ గారూ. ఆ 22 మంది ఎప్పుడు చేరినవాళ్లన్నది తెలిస్తే మీ మాట నిలుస్తుందో లేదో తేలుతుంది. ఒకే సమయంలో భారీ డిస్కౌంట్ మీద చేర్చుకున్నవాళ్లయితే అది ఒక్కసారి జరిగిన తప్పు. ప్రతి ఏడాది చేరినవాళ్లలోంచీ సమానంగా పోతుంటే మాత్రం లోపం ప్రొడక్ట్‌లోనే ఉంది.

వేణు_మియాపూర్
మళ్లీ మెయిల్ పెట్టి అడిగాను. ఆ 22 మందిలో 15 మంది రెండేళ్ల క్రితం పండగ ఆఫర్‌లో సగం ధరకు చేరినవాళ్లట. ధర మామూలుకు రాగానే మానేశారు. పెద్ద కస్టమర్ పెరుగుదలలో 70 లక్షలు ఎస్ఎంఎస్ ప్యాక్‌లే. వాళ్ల రెన్యూవల్ వచ్చే జనవరిలో.

70 లక్షలు తీసేస్తే ఎన్ఆర్ఆర్ 105 అవుతుంది, అంతే కదా?

పద్మజ_సిఏ
దాదాపు అంతే. సరిగ్గా చేయాలంటే పోయిన ఏప్రిల్ మొత్తంలో ఉన్న ఎస్ఎంఎస్ డబ్బు కూడా తీసేయాలి. ఒకవైపే తీస్తే అదీ తప్పుడు లెక్కే అవుతుంది.

కిరణ్_యూఎస్_షేర్లు
రెండో నంబర్ గురించి ఎవరూ మాట్లాడలేదు. రూల్ ఆఫ్ 40 అంటే పెరుగుదల శాతం, లాభం శాతం కలిపితే 40 దాటాలి అని. బ్రాడ్ ఫెల్డ్ అనే అమెరికన్ ఇన్వెస్టర్ ఒక బోర్డు మీటింగ్‌లో విన్నానంటూ 2015లో బ్లాగ్‌లో రాశాక బాగా పాకింది. వేగంగా పెరుగుతుంటే నష్టం సహించొచ్చు, పెరుగుదల తగ్గితే లాభం కనిపించాలి. ఆలోచన మంచిదే. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఏ లాభం అన్నది ఎవరికి నచ్చినట్టు వాళ్లు ఎంచుకుంటారు.

మళ్లీ ఫ్రెష్‌వర్క్స్‌నే తీసుకోండి, లెక్కలు బయటే ఉన్నాయి కాబట్టి. 2024లో ఆదాయం 72 కోట్ల డాలర్లు, పెరుగుదల 21 శాతం. కంపెనీ చెప్పే సర్దుబాటు చేసిన ఫ్రీ క్యాష్ ఫ్లో, అంటే వ్యాపారం నడిపి పెట్టుబడి ఖర్చులు పోగా మిగిలే నగదు, దాదాపు 15.3 కోట్లు, అంటే ఆదాయంలో 21 శాతం. 21, 21 కలిపితే 42, పాస్. అదే ఏడాది అమెరికా అకౌంటింగ్ నియమాల ప్రకారం ఆపరేటింగ్ నష్టం దాదాపు 13.9 కోట్లు, అంటే మైనస్ 19 శాతం. 21లోంచి 19 పోతే 2.

అదే కంపెనీ, అదే ఏడాది. ఒక లెక్కలో 42, ఇంకో లెక్కలో 2. ఎవరూ అబద్ధం చెప్పలేదు, రెండూ వాళ్ల రిపోర్టులోనే పక్కపక్కన ఉన్నాయి. తేడాలో ఎక్కువ భాగం ఉద్యోగులకు ఇచ్చిన షేర్ల ఖర్చు. నగదు బయటికి పోదు కాబట్టి క్యాష్ ఫ్లోలో కనిపించదు. దానికి తోడు కస్టమర్లు ఏడాది డబ్బు ముందే కట్టడం, బ్యాంకులో ఉన్న సొమ్ము మీద వచ్చే వడ్డీ కూడా క్యాష్ ఫ్లోను పెంచుతాయి. పెరుగుదల వైపూ ఒక మెలిక ఉంది. 2024 మధ్యలో వాళ్లు డివైస్42 అనే కంపెనీని కొన్నారు, ఆ ఆదాయం కూడా 21లో కలిసింది.

శ్రీలత_డాలస్
షేర్ల ఖర్చును నష్టంలో కలపాలా వద్దా అన్నదాంట్లో నాకు కిరణ్ గారితో పూర్తి ఏకాభిప్రాయం లేదు. అది నిజంగా నగదు కాదు. జీతాలివ్వడానికి కంపెనీ దగ్గర డబ్బుందా అన్నది చూడాలంటే క్యాష్ ఫ్లోనే సరైనది. నాలాంటి ఉద్యోగికి ముందు కావాల్సింది వచ్చే రెండేళ్లూ కంపెనీ నిలబడుతుందా అన్నదే.

కిరణ్_యూఎస్_షేర్లు
నిలబడటం వరకు మీరన్నది నిజం శ్రీలత గారూ. కానీ 2024 నవంబర్‌లో ఫ్రెష్‌వర్క్స్ 40 కోట్ల డాలర్లతో సొంత షేర్లు తిరిగి కొంటామని ప్రకటించింది. ఉద్యోగులకు షేర్లు ఇస్తూపోతే షేర్ల సంఖ్య పెరుగుతుంది, దాన్ని తగ్గించాలంటే కొనాలి. అప్పుడు నగదు బయటికి పోతుంది, కాకపోతే ఫ్రీ క్యాష్ ఫ్లో గీత కింద పోతుంది కాబట్టి ఈ లెక్కలో పడదు. వేణు గారు ఈసాప్స్ తీసుకుంటున్నారు కాబట్టి ఆయన ఉద్యోగి మాత్రమే కాదు, వాటాదారు కూడా అవుతారు. ఆయన వాటాను పలచన చేసేది సరిగ్గా ఈ ఖర్చే.

శ్రీలత_డాలస్
వాటాదారుగా చూస్తే ఒప్పుకుంటాను. నేను ఉద్యోగిగా చూస్తున్నాను. వేణు గారు రెండూ చూసుకోవాలి.

వేణు_మియాపూర్
44 ఎలా వచ్చిందో కూడా చెప్పారు. 10 కోట్ల నుంచి 13.8 కోట్లు, పెరుగుదల 38. లాభం 6, "అడ్జస్టెడ్ ఎబిటా" అన్నారు, అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభాన్ని ఇంకాస్త సర్దిన లెక్క. ఆ మొత్తం 70 లక్షలట. ఏం అడ్జస్ట్ చేశారంటే రెండు చెప్పారు: ఈసాప్స్ ఖర్చు 60 లక్షలు కలపలేదు, కొత్త మాడ్యూల్ కట్టే ఇంజనీర్ల జీతాలు 90 లక్షలు ఖర్చుగా కాకుండా ఆస్తిగా రాశారు. పుస్తకాల ప్రకారం ఏడాది ఆదాయం 11.9 కోట్లు, అంతకుముందు 9.1.

పద్మజ_సిఏ
ఇక్కడ రెండు కొలతలు కలిసిపోయాయి. 38 అనేది ఏఆర్ఆర్ పెరుగుదల, అంటే ఈ రోజు ఒప్పందాలు ఏడాది పాటు ఇలాగే నడిస్తే వచ్చే డబ్బు. 6 శాతం మాత్రం పుస్తకాల్లోని ఆదాయం మీద తీసింది. పెరుగుదల కూడా అక్కడే తీస్తే 9.1 నుంచి 11.9, అంటే 31.

లాభం వైపు చూద్దాం. జీతాలను ఆస్తిగా రాయడానికి అకౌంటింగ్‌లో షరతులతో అనుమతి ఉంది, తప్పని అనను. కానీ నెలనెలా బ్యాంకులోంచి ఆ డబ్బు పోతూనే ఉంది. 70 లక్షల్లోంచి 90, 60 తీస్తే మైనస్ 80 లక్షలు, అంటే మైనస్ 7. మొత్తం 31 మైనస్ 7, 24. శ్రీలత గారి పద్ధతిలో ఈసాప్స్ ఖర్చు వదిలేస్తే మైనస్ 20 లక్షలు, దాదాపు మైనస్ 2, మొత్తం 29. ఏ దారిలో వెళ్లినా 40 దగ్గరికి రాదు.

ఇందులో నాకు బాధ కలిగించేది 24 కాదు. ఈ సైజు కంపెనీకి రూల్ ఆఫ్ 40 వాడటమే సరికాదు. 12 కోట్ల ఆదాయం మీద ఒక్క పెద్ద ఒప్పందం వచ్చినా, ఒక్కటి పోయినా మొత్తం తలకిందులవుతుంది. జనవరిలో ఆ ఫైనాన్స్ కంపెనీ రెన్యూ చేయకపోతే 13.8లో 3.3 కోట్లు పోతాయి. అప్పుడు ఏఆర్ఆర్ 10.5, అంటే పోయిన ఏప్రిల్‌లో మొదలుపెట్టిన చోటికి కాస్త పైన. ఇంత చిన్న కంపెనీలో చేరేవాళ్లు అడగాల్సింది బ్యాంకులో ఎంతుంది, నెలకు ఎంత పోతోంది అన్నది.

రమణమూర్తి_విశాఖ
మొదట నేను తప్పుగా అర్థం చేసుకున్నాను, పద్మజ గారు ఓపిగ్గా చెప్పారు. కానీ నా ప్రశ్న ఇంకా అక్కడే ఉంది వేణూ. కొత్త మాడ్యూల్ కట్టే ఇంజనీర్లు మధ్యలో వెళ్లిపోతే ఆ 90 లక్షల ఆస్తి ఏమవుతుంది?

పద్మజ_సిఏ
చాలా మంచి ప్రశ్న అండీ. మాడ్యూల్ పూర్తికాకుండా ఆగిపోతే ఆ మొత్తాన్ని ఒకేసారి నష్టంగా రాయాల్సి వస్తుంది.

నరేశ్_సేల్స్
నేను కళ్లు మూసుకుని చేరమన్నది వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒక్కమాట. 15 మంది ఆఫర్ కస్టమర్లను తీసేస్తే ఈ కంపెనీ అంత చెడ్డగా లేదు. వచ్చే ఏడాది గ్రాస్ రిటెన్షన్ 83 నుంచి 90 దాటుతుందని నా అంచనా. ఫౌండర్ అడిగిందల్లా చూపించాడు. నేనైతే జీతంలో కోత మూడు లక్షలకు తగ్గించమని బేరమాడి చేరతాను.

పద్మజ_సిఏ
కావచ్చు. పోయినేడు కూడా ఎవరో ఇలాగే అనుకుని ఉంటారు. ఈ ఏడాది పండగ ఆఫర్ మళ్లీ పెట్టారా లేదా అన్నది చూడకుండా నేను ఆ మాట చెప్పలేను. ఆ 2.6 కోట్ల కొత్త కస్టమర్లు ఏ ధరకు చేరారో మనకింకా తెలియదు.

వేణు_మియాపూర్
అది అడగలేదు, రేపు అడుగుతాను. జీతం కోత మూడు లక్షలకు తగ్గించమని, నిర్ణయం జనవరి రెన్యూవల్ అయ్యాక చెప్తానని అన్నాను. మొదటిదానికి ఆలోచిస్తామన్నారు, రెండోదానికి కుదరదన్నారు, నెలాఖరులోపు చెప్పాలట. ఆడిట్ అయిన లెక్కలు సోమవారం పంపుతామన్నారు. అందులో ఏ పేజీ ముందు చూడాలి పద్మజ గారూ?

పద్మజ_సిఏ
బ్యాలెన్స్ షీట్‌లో "తయారీలో ఉన్న అగోచర ఆస్తులు" అన్న వరుస చూడండి, ఇంగ్లిష్‌లో Intangible assets under development అని ఉంటుంది. దాని కింద నోట్‌లో ఏడాది లోపువి, ఒకటి నుంచి రెండేళ్లవి, అంతకు పాతవి అని విడగొట్టి ఇస్తారు. రెండేళ్లు దాటిన మొత్తం పెద్దగా ఉంటే ఆ మాడ్యూల్ ఎందుకు పూర్తికాలేదో అడగండి. ఆ తర్వాత క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్. కొన్ని చిన్న కంపెనీలు అది ఇవ్వవు, ఇవ్వకపోతే పన్నెండు నెలల బ్యాంకు నిల్వలు అడగండి, నెలాఖరు అంకెలు చాలు.

సోమవారం వచ్చాక ఇక్కడే పెట్టండి, చూద్దాం.